బాపు మనసుల మాట నాకెట్ల తెలుసు?

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

నేను రాస్తున్న పెద్ద కథలో మూడో అధ్యాయాన్ని నాలుగుసార్లు తిరగరాసిన. భాష బాగలేక కాదు, సంఘటన సరిపోక కాదు. కథ చెప్పే పిల్లగానికి తెలియాల్సినదాని కంటే ఎక్కువ తెలిసిపోయింది. ఆ తప్పు ఎట్ల బయటపడ్డది, ఎట్ల సరిచేసిన అన్నది చెప్తా. మన గ్రూపుల కథలు రాసేటోళ్లు కొందరు ఉన్నరు కాబట్టి పనికొస్తదని అనుకుంటున్న.

ముందు కథ చెప్పాలె. ఉట్నూరు దిక్కు ఒక గూడెం. చెప్పేది ఎనిమిదేండ్ల గోండు పిల్లగాడు. 'నేను' అనుకుంటనే కథంతా చెప్తడు. వానాకాలం. చెల్లెకు జ్వరం. మూడో రోజు ఎడ్లబండి మీద దవాఖానకు తీసుకపోతరు. చెల్లె తిరిగిరాదు. మా ఇంట్ల జరిగిందే ఇది. కొన్ని మార్చిన, కొన్ని కలిపిన, కానీ బండి, వాన, చెల్లె మావే.

మొదటిసారి రాసినప్పుడు అధ్యాయం ఇట్ల మొదలైంది:

"ఆ ఉదయమే చెల్లెకు ఆఖరి ఉదయం. మెదడుకెక్కిన మలేరియా ఆమెను లోలోపల తినేస్తోంది. బాపు ఎడ్లను కడుతూ, రెండు రోజుల ముందే బయలుదేరి ఉండాల్సిందని తనను తాను తిట్టుకున్నాడు. నేను ఏడవకూడదని నా వైపు చూసి నవ్వాడు. ఆసుపత్రిలో డాక్టరు నిద్రలేక విసుగ్గా ఉన్నాడు. 'ఇన్ని రోజులు ఏం చేస్తున్నారయ్యా? ఏరు దాటి రావడానికి ఇంతసేపా?' అన్నాడు. అతనికి మా గూడెం వాళ్లంటే చిన్నచూపు."

నిజం చెప్పాలంటే ఇది రాసిన రోజు నాకు మస్తు నచ్చింది. హాస్టల్ల మా సీనియర్ అన్నకు పంపిన. ఆయన మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగిండు: "తమ్మీ, బాపు ఎడ్లు కడుతున్నప్పుడు ఈ పిల్లగాడు ఎక్కడ నిలబడ్డడు?" పక్కనే అన్న అని చెప్పిన. "పక్కనున్నోనికి బాపు చేతులు కనిపిస్తయి. తిట్టుకునుడు ఎట్ల వినిపించింది?" అన్నడు. అప్పుడు నేను పట్టించుకోలేదు. మా బాపు నాకు తెల్వదా అనుకున్న.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వకు చదివి వినిపించిన. అవ్వకు తెలుగు కొంచెం కొంచెం అర్థమైతది గని కథ తెలుగు అర్థం కాదు. అందుకే ఒక్కొక్క వాక్యం గోండిల చెప్పుకుంట పోయిన. మూడో వాక్యం కాడ అవ్వ చేతుల పని ఆపింది.

"బాపు అట్ల అనుకున్నడని నీకెవరు చెప్పిన్రు?"

"అనుకోకుండ ఉంటడా?"

"వాగు రెండు దినాలు బంద్ ఉండె. బండి ఎట్ల దాటుతది? దినానికి నాలుగుసార్లు పోయి చూసొచ్చెటోడు."

నాకు ఆ సంగతి తెల్వదు. ఇన్నేండ్లు బాపు లేట్ చేసిండని నమ్మిన. ఎవరూ చెప్పలేదు, నేనే అట్ల అనుకున్న. అనుకున్నది నా పేరు మీద రాసినా కొంత నయముండు. దాన్ని తీస్కపోయి బాపు మనసుల పెట్టిన. ఆయన నోటితోని ఎన్నడూ అనని మాటను, ఆయన తప్పు ఒప్పుకున్నట్టు రాసిన. కథ అచ్చైతే ఊరంతా అదే నిజమనుకునేది. దృష్టికోణం తప్పడమంటే పుస్తకాల గొడవ అనుకునేటోన్ని. అది మా ఇంట్ల మనిషి మీద నేరం మోపినంత పని చేస్తదని ఆ రాత్రి తెలిసింది.

ఇగ సరిచేసుడు. మొదలు పెట్టేముందు ఒకటి తేల్చుకోవాలె. 'నేను' అని చెప్పే కథలో ఇద్దరు 'నేను'లు ఉంటరు. ఒకడు ఆ రోజు బండి ఎంబడి నడిచిన పిల్లగాడు. రెండోవాడు పెద్దోడై ఇప్పుడు కూసోని చెప్తున్నోడు. పెద్ద 'నేను'కు మలేరియా తెలుసు, వాగు సంగతి తెలుసు, చెల్లె బతకదని కూడా తెలుసు. అట్ల రాయడం తప్పేం కాదు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు చదివినోళ్లకు తెలుసు, అండ్ల పెద్దయిన మనిషే తన చిన్నతనాన్ని చెప్పుకుంటడు. అయితే ఆ పెద్దోడు మొదటి పేజీ నుంచే మనకు వినబడుతుండాలె. నా కథల మొదటి రెండు అధ్యాయాల్ల పెద్దోడు ఎక్కడా లేడు. పిల్లగాడు గట్టుమీద జొన్నకంకి కాల్చుకొని తింటడు, బడికి పోనని ఏడుస్తడు, అంతే. అసొంటి కథలకు మూడో అధ్యాయంల "మెదడుకెక్కిన మలేరియా" అనే గొంతు వస్తే, ఇంట్లకు ఎవరో కొత్త మనిషి చొరబడ్డట్టు ఉంటది.

రెండోసారి రాసినప్పుడు ఆ పెద్దోన్నే తెచ్చి చూసిన. "ఇప్పుడు నాకు ఇరవై రెండేండ్లు, ఇప్పుడు తెలుస్తున్నది" అని మొదలుపెట్టిన. వాగు సంగతి చెప్పడానికి మంచి దారి దొరికిందనుకున్న. మూడు పేజీలకే విసుగొచ్చింది. ప్రతి సంఘటన ఎనక ఒక వివరణ. చెల్లెను చూడాల్సిన చోట నేను పాఠం చెప్తున్న. అది పక్కన పడేసి, చిన్నోని కాడనే ఉండాలని తేల్చుకున్న.

తర్వాత పెన్ను పట్టుకొని అధ్యాయమంతా తప్పులు వెతికిన. ఇక్కడ మన తెలుగు చాలా సాయం చేసింది. తెలుగుల మనసు మాటలు ఎక్కువగా 'కు' పట్టుకొని వస్తయి. నాకు భయమైంది, బాపుకు గుర్తొచ్చింది, అవ్వకు అనుమానమొచ్చింది, డాక్టరుకు కోపమొచ్చింది. ఆ 'కు' ఎవరి పేరు ఎనక ఉంటే మనం వాళ్ల మనసులకు దూరినట్టు. కథ చెప్పేది 'నేను' కాబట్టి 'నాకు' ఎన్నిసార్లైనా రావచ్చు. వేరేవాళ్ల 'కు' కనిపించిన కాడల్లా కింద గీత గీసిన. "అతనికి మా గూడెం వాళ్లంటే చిన్నచూపు" అనేది అట్లనే దొరికింది.

గీత గీసినవన్నీ తప్పులు కావు. "చెల్లెకు జ్వరమొచ్చింది" అంటే తప్పులేదు, పిల్లగాడు ఆమె పక్కన పడుకున్నడు, ఒళ్లు కాలుడు తెలుస్తది. "బాపుకు ముల్లు గుచ్చుకుంది" అంటే రక్తం కనిపిస్తది. అందుకే ప్రతి గీత కాడ ఒకటే అడుక్కున్న: ఇది వీనికి కంటితోని తెలిసిందా, చెవితోనా, చేతితోనా, ఎవరన్న చెప్తేనా? నాలుగింట్ల ఏదీ కాకపోతే వాక్యం పోవాల్సిందే.

దీనికి దొరకకుండ తప్పించుకునేవి ఇంకో రకం ఉన్నయి. "నేను ఏడవకూడదని బాపు నవ్వాడు." ఇండ్ల వేరేవాళ్ల 'కు' లేదు. పైకి బాపు చేసిన పని ఒక్కటే కనిపిస్తది. కానీ ఆ 'అని' లోపల బాపు ఉద్దేశం దాక్కున్నది. బాపు నవ్వుడు పిల్లగానికి కనిపిస్తది. ఎందుకు నవ్విండో కనిపించదు. ఇసొంటి 'అని'లను పట్టుకునుడు కష్టం, ఎందుకంటే మనం రోజూ ఇట్లనే మాట్లాడుతం. నేను చేసింది ఏందంటే, 'అని' దాకా కొట్టేసి మిగిలినదాన్ని చదివిన. "బాపు నవ్విండు." చెల్లె అట్ల పడి ఉంటే బాపు నవ్విండు. అంత చిన్న వాక్యం చదివితే నాకే గుండె కలుక్కుమన్నది. పిల్లగాడు బాపు నవ్విండు కాబట్టి ఏం కాదనుకుంటడు, తిరిగి నవ్వుతడు. చదివేటోళ్లకు అర్థమైతది. కారణం నేను చెప్పినప్పుడు వాళ్లు ఆలోచించడానికి ఏం మిగల్లేదు.

'అట' అనే మాట గురించి కూడా చెప్పాలె. "బాపు రాత్రంతా నిద్రపోలేదు" అంటే నిద్రపోయిన పిల్లగానికి ఎట్ల తెలుసు? "నిద్రపోలేదట" అంటే ఎవరో చెప్పిన్రన్నట్టు, తప్పు మాసిపోతది. ఇంత సులువైన సాధనం దొరికిందని సంబరపడి నేను పేజీకి అయిదారు 'అట'లు పెట్టిన. అది మూడోసారి రాసిన ప్రతి. చదివితే మొత్తం ఊరి కాడ ముచ్చట్లు విన్నట్టున్నది. 'అట' పెడితే రెండు ప్రశ్నలు వస్తయి: ఎవరు చెప్పిన్రు, ఎప్పుడు చెప్పిన్రు? మరునాడు అవ్వ చెప్పి ఉంటే సరే. పదేండ్లకు చెప్తే మళ్ల ఆ పెద్ద 'నేను' దొడ్డిదారిన వచ్చినట్టే. చివరికి ఒక్క 'అట' ఉంచిన, నానమ్మ పొయ్యి కాడ చెప్పిన మాటకు.

'అనిపించింది' కూడా అంతే. "బాపు భయపడుతున్నట్టు నాకు అనిపించింది" అని రాస్తే లెక్క సరిపోతది, మనసు పిల్లగానిదే. కానీ ఎనిమిదేండ్లోడు అట్ల అనుకోడు. వాడు బాపు చెయ్యి పలుపుతాడు ముడి వెయ్యలేక రెండుసార్లు జారిపోవుడు చూస్తడు. ముడి రాస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇది మన అందరిదీ. నా పిల్లగానికి అన్నింటికంటే పెద్ద 'ఎక్కువ తెలివి' ఏందో చూసిన్రా? డాక్టరు తెలుగు! కథల వాడు ఇంకా ఒకటో తరగతి సరిగ్గ పోలేదు. ఇంట్ల గోండి, గూడెంల గోండి. ఆ వయసుల నాకు తెలుగు వస్తుండెనా? రాలేదు. మరి డాక్టరు అన్న మాటను వాడు పొల్లుపోకుండ ఎట్ల అప్పజెప్పిండు? సీనియర్ అన్న కూడా దీన్ని పట్టుకోలేదు, ఆయన ఇంట్ల తెలుగే. నేనూ మూడుసార్లు తిరగరాసేదాకా చూడలేదు. తెలుగుల కథ రాస్తున్నం కాబట్టి కథలున్నోళ్లందరికీ తెలుగు వచ్చేసినట్టు అనుకుంటం. అవ్వ, బాపు, పిల్లగాడు మాట్లాడుకునేది గోండి, దాన్ని నేను తెలుగుల రాస్తున్న, అది చదివేటోళ్లు ఒప్పుకుంటరు. కానీ డాక్టరు మాట్లాడేది నిజంగ తెలుగు. రెండింటినీ ఒకే తీరుగ రాస్తే, పిల్లగానికి రెండూ సమానంగ వచ్చినట్టైతది. అప్పుడు దవాఖానల వాడు పడ్డ అసలు కష్టమే కథలనుంచి మాయమైతది.

సరే, డాక్టరు మాటలు మొత్తం కొట్టేస్తే ఏం మిగుల్తది? గొంతు పెద్దగుందా చిన్నగుందా, చెయ్యి ఎటు చూపిండు, బాపు తల ఎటు ఊపిండు. ఇవి ఉన్నయి. ఇంకొకటి కూడా దొరికింది. డాక్టరు మన దిక్కు మనిషి కాదు కాబట్టి వాగును 'ఏరు' అన్నడు. మా గోండిల 'ఏర్' అంటే నీళ్లు. పిల్లగానికి ఆ ఒక్క మాట తెలిసినట్టే వినబడ్తది. నాలుగోసారి ఇట్ల రాసిన:

"తెల్ల అంగీ ఆయన చెల్లె కండ్ల రెప్పలు ఎత్తి చూసిండు. బాపుతోని గట్టిగ ఏదో అన్నడు. బాపు తల కిందికేసిండు. ఆయన అన్నదాంట్ల ఒక్క మాట నాకు తెలిసింది. ఏర్. నేను బండి కాడికి ఉరికి ముంతల నీళ్లు తెచ్చి ఇచ్చిన. ఆయన ముంతను చూసిండు, నన్ను చూసిండు. తీసుకున్నడు. తాగలేదు. చేతుల పట్టుకొనే నిలబడ్డడు."

ఇది నిజంగ జరగలేదు, కథ కోసం కట్టిన. కానీ రాసినంక ఒకటి గమనించిన. "అతనికి మా గూడెం వాళ్లంటే చిన్నచూపు" అనే వాక్యానికి ఇండ్ల చోటు లేదు. ముంత పట్టుకొని నిలబడ్డ మనిషి మీద ఆ మాట అంటదు. ఆయన గట్టిగ మాట్లాడింది కోపమా, కంగారా, పిల్లగానికి తెల్వదు, నాకూ తెల్వదు. డాక్టరును మంచోన్ని చెయ్యాలని నేను అనుకోలేదు. ఆయన మనసుల నుంచి నేను బయటికొచ్చిన, అంతే.

అదే తీరుగ వాగు. అవ్వ చెప్పిన నిజం కథలకు రావాలె, కానీ పిల్లగానికి తెల్వకుండ రావాలె. "వాగు పొంగినందుకు బాపు ఆగిపోయిండు" అని వాడు చెప్పలేడు. అవ్వను మళ్ల అడిగిన, బాపు వాగు కాడ ఏం చేసెటోడని. ఒడ్డున కట్టె పాతెటోడు, నీళ్లు ఎంత దిగినయో చూడనీకి అన్నది. అప్పుడు నాకూ లీలగా యాదికొచ్చింది, ఒక కట్టె ఉండె. ఇది కొత్త మొదలు:

"పొద్దుగాల బాపు మళ్ల వాగు కాడికి పోయిండు. నేను ఎంబడి పోయిన. నిన్న బాపు పాతిన కట్టె నీళ్లల్ల లేదు, బురదల నిలబడ్డది. చేపల కోసం పాతిండనుకున్న. 'చేపలు పడ్డయా బాపూ?' అని అడిగిన. బాపు కట్టె పీకి ఇసిరేసి ఇంటి దిక్కు ఉరికిండు. బాపు ఉరుకుడు నేను ఎన్నడు చూడలేదు. నేను పోయేసరికి ఒక ఎద్దును కట్టిండు. రెండో ఎద్దు పలుపు చేతుల నుంచి రెండుసార్లు జారింది. నన్ను చూసి నవ్విండు. నేను గూడ నవ్విన."

మొదటి ప్రతిల ఉన్న "ఆఖరి ఉదయం" పోయింది. అది ఉన్నప్పుడు చదివేటోళ్లు మొదటి వాక్యంలనే చెల్లె మీద ఆశ వదిలేసుకునేటోళ్లు. ఇప్పుడు పిల్లగానితోని పాటు బండి ఎంబడి నడుస్తరు. మలేరియా అనే మాట కూడా పోయింది. చెల్లె పండ్లు గిట్టకరచుకునుడు, కండ్లు పైకి తిరుగుడు ఉన్నది. మన దిక్కు ఆ రెండు వాక్యాలు చదివినోళ్లకు జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు.

దీనికి ఒక నష్టం కూడా ఉన్నది, దాచిపెట్టను. పట్నంల ఒక దోస్తుకు కొత్త ప్రతి ఇస్తే, కట్టె ఎందుకు పాతిండో ఆయనకు అర్థం కాలేదు. ఒడ్డున కట్టె పాతి వాగు చూసే అలవాటు ఆయనకు తెల్వదు. పిల్లగాని చేత చెప్పించలేను కాబట్టి, రెండో అధ్యాయంల వేరే సందర్భంల, ఊరి పెద్దమనిషి ఒకాయన వరదల కట్టెను చూపించి "ఇంకా జానెడు దిగాలె, అప్పుడే బండ్లు పోతయి" అనే ఒక్క వాక్యం పెట్టిన. పిల్లగాడు అది విని మర్చిపోతడు. చదివేటోళ్లకు గుర్తుంటే చాలు.

ఇంకొక వాక్యం మాత్రం తెగుతలేదు. దవాఖాన నుంచి రాత్రి తిరిగొచ్చేటప్పటిది. "బాపు నాతోని మాట్లాడలేక, దారంతా ఎడ్లతోని మాట్లాడిండు." ఆ 'లేక' కూడా బాపు మనసుల మాటనే. నా లెక్క ప్రకారం "నాతోని మాట్లాడలేదు. ఎడ్లతోని మాట్లాడిండు" అని ఉండాలె. రెండు రకాలుగ రాసి పెట్టుకున్న. ఒకరోజు ఇది బాగున్నట్టుంటది, ఒకరోజు అది. మీరైతే ఏది ఉంచుతరో కింద రాయండి.

దివాళికి దండారికి ఇంటికి పోతున్న. ఈసారి బాపుకు చదివి వినిపిస్తా. ఆ వాక్యం వచ్చినప్పుడు ఏది చదువుతనో ఇంకా తేల్చుకోలేదు.